బాడుగ బ్యాంకులో వేయమంటే ఎందుకు బెదురు?

ఒకటో తారీఖు రాగానే ఇంటి ఓనరో, ఆయన పంపిన మనిషో వఠారంలోకి వచ్చి గడప గడపకూ తిరిగి బాడుగ వసూలు చేసుకోవడం రాయచూరు జిల్లాలో తరాలుగా నడుస్తున్న పద్ధతి. సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో తుంగభద్ర కాలువ నీళ్లను నమ్ముకుని వచ్చి స్థిరపడిన కుటుంబాలు, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక పట్టణంలో స్థలం కొని రెండు షాపులు, వాటి వెనక నాలుగు రూములు కట్టించుకోవడం మామూలే. కట్టించిన వాళ్లకు ఇప్పుడు వయసు మీద పడింది. కొడుకులు హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉద్యోగాల్లో ఉన్నారు. మెట్లెక్కి దిగి బాడుగ అడిగే ఓపిక పెద్దాయనకు లేదు, నెలనెలా వచ్చే తీరిక కొడుకులకు లేదు. దాంతో ఒకనాడు అందరి ఫోన్లకూ ఒక మెసేజీ వస్తుంది. వచ్చే నెల నుంచి బాడుగ అకౌంటుకే వేయాలి, నగదు తీసుకోబడదు. కింద ఒక నంబరు. అంతే.

గొడవ అక్కడే మొదలవుతుంది. ఎగ్గొట్టే ఉద్దేశంతోనే వంకలు పెడుతున్నారని ఓనర్లు అంటారు. ఇందులో ఏదో మెలిక ఉందని బాడుగకు ఉన్నవాళ్లు అనుమానిస్తారు. బ్యాంకు పద్ధతి మంచిదే, అందులో వాదన లేదు. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఎంత ఇచ్చారు అన్నదానికి రెండు వైపులా లెక్క ఉంటుంది. అయితే వద్దంటున్న వాడు ఎందుకు వద్దంటున్నాడో కనుక్కోకుండా హుకుం జారీ చేస్తే ఆ మంచి పద్ధతే పోలీస్ స్టేషన్ దాకా పోతుంది. పైగా షాపువాడి బెదురు వేరు, రూములో ఉండే కూలివాడి బెదురు వేరు. రెంటికీ ఒకే మందు పనిచేయదు.

ముందు షాపువాళ్ల సంగతి. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ ద్వారా వచ్చిన డబ్బుల లెక్కలు తీసి, రాష్ట్రమంతా వేలమంది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. కాయగూరలు, పాలు, టీ అమ్ముకునే వాళ్లకు కూడా లక్షల్లో పన్ను కట్టాలన్న కాగితాలు వచ్చాయి. ఆ దెబ్బకు చాలా షాపుల్లో స్కానర్ బోర్డులు మాయమై, వాటి స్థానంలో ‘నగదు మాత్రమే’ అన్న అట్టముక్కలు వేలాడాయి. అదే నెలలో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వ్యాపారులతో మాట్లాడి, జీఎస్టీలో పేరు నమోదు చేయించుకుంటే పాత బకాయిలు వసూలు చేయబోమని చెప్పాక ఆందోళన సద్దుమణిగింది. కానీ భయం మాత్రం పోలేదు. అలాంటి షాపువాడిని పట్టుకుని బాడుగ బ్యాంకులో వేయమంటే వాడికి ఆ నోటీసే గుర్తుకు వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న తికమక ఉంది. దాన్ని విడదీసి చెబితే సగం భయం తగ్గుతుంది. ఆ నోటీసులు వచ్చింది షాపు ఖాతాలోకి వచ్చిన డబ్బు మీద. అమ్మకాలు ఏడాదికి సరుకుల్లో 40 లక్షలు, సేవల్లో 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి కాబట్టి ఆ లెక్క చూశారు. బాడుగ షాపు నుంచి బయటికి పోయే డబ్బు. దాన్ని ఎవరూ అమ్మకంలో కలపరు. నిజానికి లెక్కలు రాసుకునే వ్యాపారికి అది ఖర్చు కింద చూపించుకోవడానికి పనికొచ్చే ఆధారం. ఈ ముక్క ఓనరు నోటితో చెబితే షాపువాడు నమ్మకపోవచ్చు, ఓనరుకు స్వార్థం ఉందనుకుంటాడు. వాడి లెక్కలు చూసే మనిషి చేత చెప్పించడం మేలు.

జీఎస్టీ నమోదు ఉన్న షాపువాళ్లకు మాత్రం ఇంకో నిజమైన ఇబ్బంది ఉంది. 2024 అక్టోబరు 10 నుంచి, నమోదు లేని ఓనరు దగ్గర వ్యాపార స్థలం బాడుగకు తీసుకుంటే బాడుగ మీద 18 శాతం జీఎస్టీ బాడుగదారే కట్టాలి. కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారులను 2025 జనవరి 16 నుంచి దీంట్లోంచి తప్పించారు. మిగతావాళ్లలో చాలామంది ఆ కట్టిన పన్నును తమ అమ్మకాల పన్నులో తగ్గించుకోవచ్చు. అయినా ముందు చేతిలోంచి పోయేది పోతుంది కదా! బాడుగ నగదులో ఉన్నంతకాలం ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు. బ్యాంకులో కనబడగానే ఎత్తక తప్పదు. అలాంటి షాపువాడు మొండికేస్తే దాని వెనక ఈ లెక్క ఉందేమో ఓనరు అడిగి తెలుసుకోవాలి.

ఇక చాలామంది పైకి చెప్పని సంగతి ఒకటుంది. బాడుగ 18 వేలు అయితే కరారు పత్రంలో 10 వేలు రాసి, ఆ పదీ అకౌంటుకు వేయించుకుని, మిగతా ఎనిమిది చేతికి ఇమ్మనే ఓనర్లు ఈ జిల్లాలో కొత్త కాదు. అలా అడిగిన వాళ్లకు బ్యాంకు పద్ధతి గురించి ఉపన్యాసం ఇచ్చే అర్హత లేదు. బాడుగదారు వైపు నుంచి చూస్తే అది అన్నిటికంటే అధ్వానం. రేపు తగాదా వస్తే కాగితం ప్రకారం పది వేలే బాడుగ, మిగతాది ఇచ్చినట్టు రుజువు లేదు. వేస్తే మొత్తం బ్యాంకులో వేయించుకోవాలి, లేదా మొత్తానికి రసీదు ఇవ్వాలి.

రూముల్లో ఉండేవాళ్ల బెదురు ఇంకో రకం. మేస్త్రీ పనికి, రైసు మిల్లుకు, గంజ్‌లో హమాలీకి పోయేవాళ్లకు కూలి వారానికోసారి నగదులో వస్తుంది. ఖాతా లేక కాదు, దాదాపు అందరికీ ఉంది. ఖాతాలో డబ్బు నిలవదన్నదే వాళ్ల గోడు. ఫోను కంతు, బైకు కంతు, టీవీ కంతు అంటూ ఎప్పుడో సంతకం పెట్టిన మాండేటు ఉంటుంది. బాడుగ కోసమని ఆదివారం మూడున్నర వేలు ఖాతాలో వేస్తే, సోమవారం పొద్దున్నే కంతు కంపెనీ అందులోంచి లాగేసుకుంటుంది. వెనకటి నెల కంతు తప్పితే బ్యాంకు జరిమానా కూడా దాంట్లోంచే కోసుకుంటుంది. చివరికి బాడుగకు మిగిలేది పన్నెండు వందలు. వాడు ఓనరు ముందు నిలబడి ‘వేశాను సారూ, బ్యాంకోళ్లు తీసుకున్నారు’ అంటే ఓనరు అబద్ధమనుకుంటాడు. అది అబద్ధం కాదు. పాసుబుక్కు తెప్పించి చూస్తే జమ అయిన రోజునే కోత పడినట్టు కనిపిస్తుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇంట్లో కంతుల మాండేటు లేని ఖాతా ఏదో చూసి దాన్ని బాడుగకు వాడుకోవడం. కర్ణాటకలో గృహలక్ష్మి కింద నెలకు 2,000 రూపాయలు 2023 ఆగస్టు నుంచి ఇంటి ఆడమనిషి ఖాతాలోకే పడుతోంది కాబట్టి చాలా ఇళ్లలో ఆమె ఖాతా వాడకంలో ఉంది. ఆంధ్ర, తెలంగాణ రేషన్ కార్డు మీద ఉన్న కుటుంబాలకు మాత్రం ఆ పథకం లేదు, అది గుర్తుంచుకోవాలి. భార్య ఖాతా నుంచి బాడుగ వస్తే ఓనరు పుస్తకంలో ఆమె పేరు కూడా ఆ రూము నంబరు ఎదుట రాసి పెట్టుకోవాలి. లేకపోతే మూడు నెలల తర్వాత ‘ఈ లక్ష్మి ఎవరు, ఈ డబ్బు ఎవరిది’ అన్న వెతుకులాట తప్పదు.

రెండో దారి చాలామందికి తట్టదు. బాడుగదారుకు ఖాతాతో పనే లేకుండా, ఓనరు ఖాతా నంబరు రాసిన స్లిప్పు పట్టుకుని బ్యాంకు కౌంటరులో నగదు జమ చేయవచ్చు. ముద్ర పడిన కౌంటరు ఫాయిలే రసీదు. వేరే ఊరి శాఖ ఖాతా అయితే నగదు జమ మీద చార్జీ పడవచ్చు, కొన్ని బ్యాంకులు ఇతరులు వేసే నగదుకు పరిమితి కూడా పెట్టాయి. ముందే ఆ శాఖలో అడిగి, చార్జీ తానే భరిస్తానని ఓనరు చెప్పాలి. సౌకర్యం తనది కాబట్టి దాని ఖర్చు కూడా తనదే కావడం న్యాయం. స్మార్ట్‌ఫోను లేనివాళ్లకు మామూలు ఫోనుతోనే డబ్బు పంపే యూపీఐ 123పే 2022 నుంచి ఉంది గానీ, వాడేవాళ్లు తక్కువ. పక్కింటి కుర్రాడికి ఫోను ఇచ్చి పిన్ను చెప్పి పంపించడం కంటే కౌంటరే నయం.

ఇప్పుడు ప్రకటన సంగతికి వద్దాం. వాట్సాప్ మెసేజీ చాలదు. ఓనరు సంతకంతో ఒక కాగితం ఇంటింటికీ ఇవ్వాలి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోవాలి. తెలుగు చదవలేని వాళ్లకు కన్నడంలో కూడా ఇవ్వాలి. ఆ కాగితంలో ముఖ్యంగా ఉండాల్సింది ఖాతా ఎవరి పేరు మీద ఉందన్నది. చాలాచోట్ల ఇల్లు తండ్రి పేరున, ఖాతా కొడుకు పేరున ఉంటుంది. అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలని ఇంట్లో ఇది ప్రమాదం. పెద్ద కొడుకు ఖాతాకు ఏడాది పాటు బాడుగ వేసినవాడిని చిన్న కొడుకు వచ్చి ‘నాకు ఇవ్వలేదు’ అని నిలదీయవచ్చు. కొడుకు ఖాతాకే వేయమనదలిస్తే, అలా వేసింది నాకు ముట్టినట్టే అని ఇంటి యజమాని రాసి సంతకం చేయాలి. అది లేకుండా వేయనని బాడుగదారు అంటే అతన్ని మొండివాడు అనకూడదు. అతను తెలివైనవాడు.

ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు పాత పాసుబుక్కు చూసి రాయడం ఇంకో పొరపాటు. నిజాం కాలం నుంచి అలవాటైన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో 2020 ఏప్రిల్ 1న కలిశాయి. శాఖ అదే చోట ఉంటుంది, మేనేజరు పలకరింపూ మారదు, కోడు మాత్రం మారింది. పాత కోడుతో పంపితే డబ్బు తిరిగి వస్తుంది, లేదా అసలు పోదు. మొదటిసారి ఒక్క రూపాయి పంపించి, ఓనరు ఖాతాలో పడిందని చూసుకుని, తర్వాత మొత్తం పంపించడం అన్నిటికంటే సులువైన పరీక్ష. నెఫ్ట్, ఆర్టీజీఎస్ ద్వారా పంపేటప్పుడు ఖాతాదారు పేరు ముందే కనిపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ నాటికల్లా పెట్టాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేరు చూసుకోకుండా బటన్ నొక్కకూడదు.

లెక్క కోసం సింధనూరులో ఒక వఠారాన్ని ఊహించుకుందాం. వెనక ఆరు రూములు, ఒక్కొక్కటి 3,500. ముందు రెండు షాపులు, ఒక్కొక్కటి 9,000. నెలకు మొత్తం 39,000 రూపాయలు. రూముల్లో ఒక టీచరు, ఒక ఫైనాన్సు కంపెనీ ఉద్యోగి, ఒక మేస్త్రీ, ఒక హమాలీ, మెస్ నడుపుకునే ఒక పెద్దావిడ, డిగ్రీ చదువుకునే ముగ్గురు పిల్లలు. షాపుల్లో ఒకటి టైలరు, ఒకటి ఎరువుల వ్యాపారి. ఓనరు ఆగస్టు మొదటి వారంలో కాగితం ఇచ్చి, అక్టోబరు నుంచి బ్యాంకు అని చెప్పాడు. మధ్యలో సెప్టెంబరు నెల ఇష్టమున్న వాళ్లు అలా, లేనివాళ్లు ఇలా.

టీచరు, ఫైనాన్సు ఉద్యోగి ఆ నెలలోనే పంపేస్తారు. పిల్లల ఇబ్బంది వేరు. ముగ్గురూ తలా కొంత పంపితే ఓనరు ఖాతాలో 1,200, 1,200, 1,100 అని ముక్కలు పడతాయి, ఎవరిది ఏ రూమో తెలియదు. ఒకడి ఫోను నుంచే మొత్తం రావాలని, రిమార్కులో రూము నంబరు రాయాలని చెప్పాలి. మేస్త్రీకి కంతుల బాధ ఉంది, అతను భార్య ఖాతా నుంచి వేస్తాడు. మెస్ ఆవిడ ఓనరుకే ఎదురు ప్రశ్న వేస్తుంది. మోటారు చెడిపోతే తన డబ్బుతో బాగు చేయించి బాడుగలో 400 తగ్గించి ఇచ్చేదాన్ని, ఇప్పుడు ఎలా అని. నగదు చేతులు మారేటప్పుడు ఇలాంటి కోతలు మాటల్లో తేలిపోయేవి. బ్యాంకులో 3,100 పడితే ఆర్నెల్ల తర్వాత అది బాకీలా కనబడుతుంది. పూర్తి బాడుగ వేయించుకుని, మోటారు డబ్బు ఓనరు విడిగా ఆమె ఖాతాకు తిరిగి పంపడం తేట పద్ధతి. పంపడంలో ఓనరు రెండు రోజులు ఆలస్యం చేస్తే మాత్రం ఆమె మళ్లీ కోతకే దిగుతుంది. ఆమెది తప్పనలేం.

టైలరుకు నోటీసుల భయం. అతని అమ్మకం 20 లక్షల దరిదాపుల్లో కూడా లేదు, ఆ మాట తెలిశాక ఒప్పుకుంటాడు. ఎరువుల వ్యాపారికి జీఎస్టీ నమోదు ఉంది, 9,000 మీద నెలకు 1,620 పన్ను లెక్క వస్తుంది. బాడుగ తగ్గించమని అతను బేరం పెడతాడు. ఆ పన్ను అతనికి అమ్మకాల్లో సర్దుబాటు అవుతుంది కాబట్టి ఓనరు తగ్గించాల్సిన పని లేదు. మొదటి నెల మాత్రం పది రోజులు గడువు ఇస్తే సరిపోతుంది.

డబ్బు పడిందా లేదా అన్నది చూసుకోవడం ఓనరు పని. ఫోనులో పచ్చ టిక్కు ఉన్న స్క్రీన్‌షాట్ చూసి పడిందనుకోవద్దు. అలాంటి బొమ్మలు తయారు చేసే యాప్‌లు తిరుగుతున్నాయి, తేదీ మార్చి పాత బొమ్మనే పంపేవాళ్లూ ఉన్నారు. చూడాల్సింది తన ఖాతా స్టేట్‌మెంటు. అనుమానం వస్తే 12 అంకెల యూటీఆర్ నంబరు అడిగి దాంతో సరిచూసుకోవాలి. అలాగని డబ్బు తనకు పడలేదని వెంటనే అరవడం కూడా తగదు. బాడుగదారు ఖాతాలో కోత పడి ఇటు జమ కాని లావాదేవీలు మామూలుగా తిరిగి వచ్చేస్తాయి, ఒకటి రెండు రోజులు ఆగాలి. ఈలోపు మళ్లీ పంపమంటే రెండుసార్లు పడుతుంది. డబ్బు పడగానే ‘ఫలానా నెల, ఫలానా రూము, ముట్టింది’ అని ఓనరు ఒక్క మెసేజీ పెట్టాలి. దీన్ని చాలామంది ఓనర్లు చేయరు. నగదు రోజుల్లో రసీదు ఇవ్వని అలవాటే ఇక్కడా కొనసాగుతోంది.

ఎంత చెప్పినా వద్దనేవాడు ఒకడు మిగులుతాడు. అతను నగదు తెచ్చి ఇస్తానంటాడు. అతన్ని గుమ్మం నుంచి తిప్పి పంపి, ఆ తర్వాత బాకీ పడ్డాడని నోటీసు ఇస్తే అది ఓనరు మెడకే చుట్టుకుంటుంది. కరారులో చెల్లింపు ఎలా అన్నది రాసి లేకపోతే, డబ్బు తెచ్చినవాడిని ఎగవేతదారు అని కోర్టులో నిరూపించడం కష్టం. చిన్న బాడుగల ఇళ్లకు వర్తించే 1999 నాటి కర్ణాటక రెంట్ చట్టం కింద, ఓనరు తీసుకోని బాడుగను కంట్రోలరు దగ్గర జమ చేసుకునే వీలు బాడుగదారుకు ఉంది. బాకీ కింద ఖాళీ చేయించాలన్నా డిమాండు నోటీసు తర్వాత రెండు నెలల గడువు ఉంది. ఆ చట్టం వర్తించని చోట నెలవారీ బాడుగకు 15 రోజుల నోటీసు అన్నది ఆస్తి బదిలీ చట్టం మాట. అందుకే పాత కరారు నడుస్తున్నంతకాలం నగదు తీసుకుని రసీదు ఇవ్వాలి. పదకొండు నెలల కరారు ముగిసి కొత్తది రాసుకునేటప్పుడు బాడుగ ఫలానా ఖాతాకు, ఫలానా తేదీలోపు అన్న వాక్యం చేర్చాలి. ఆ వాక్యం మీద సంతకం పెట్టాక ఇక వాదన ఉండదు. నీళ్లు ఆపడం, కరెంటు తీసేయడం లాంటి పనులకు దిగిన ఓనరు మాత్రం తన చేతులారా కేసు పోగొట్టుకున్నట్టే.

బాడుగదారుకు కూడా ఇందులో లాభం ఉందని చెప్పడం మర్చిపోకూడదు. 2023లో గృహజ్యోతి వచ్చినప్పుడు, బాడుగ ఇంటి ఆర్‌ఆర్ నంబరుకు తన పేరు జత చేయించుకోవడానికి చాలామంది కరారు కాగితం కోసం ఓనర్ల చుట్టూ తిరిగారు. ఫలానా ఇంట్లో ఉంటున్నానన్న రుజువు ఎప్పుడు అవసరమవుతుందో తెలియదు. నెలనెలా ఖాతా నుంచి బాడుగ పోయిన లెక్క అప్పుడు అక్కరకు వస్తుంది.

ఓనర్ల సొంత భయం కూడా ఒకటుంది, అది బయటికి చెప్పరు. బ్యాంకులో పడితే ఆదాయపు పన్ను అన్నది. పై వఠారం లెక్కే తీసుకుంటే ఏడాదికి 4,68,000. ఇంటి బాడుగ ఆదాయంలో 30 శాతం, అంటే 1,40,400 మరమ్మతుల కింద ఊరికే తీసేస్తారు. మిగిలేది 3,27,600. మున్సిపాలిటీ పన్ను కట్టి ఉంటే ఇంకా తగ్గుతుంది. వేరే పెద్ద ఆదాయం లేని మనిషికి 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు. ఇంత భయపడాల్సింది ఏముంది?

ఈ మాటలన్నీ ఇళ్లకు, షాపులకే. పొలం కౌలు సంగతి ఇందులో కలపకూడదు. కర్ణాటకలో 1974 సవరణల తర్వాత భూసంస్కరణల చట్టం సైనికుల వంటి కొందరికి తప్ప వ్యవసాయ భూమిని కౌలుకు ఇవ్వడాన్నే నిషేధించింది. కాలువ కింద నోటిమాట మీద కౌలు చేసే రైతు, డబ్బు ఖాతాకు వేస్తానంటే భూమి యజమాని ఉలిక్కిపడేది అందుకే. అక్కడ చిక్కు చట్టంలో ఉంది, బ్యాంకు దాన్ని విప్పలేదు.

ఇక ఆ వఠారంలో మిగిలింది హమాలీ. కరారు ఫిబ్రవరి దాకా ఉంది, ఆదివారం కూలి చేతికి వచ్చాక రెండు వాయిదాల్లో ఇస్తానంటాడు. ఓనరు అప్పటిదాకా నగదే తీసుకుని, ఎరువుల షాపులో ఉంచిన రసీదు పుస్తకంలో ప్రతిసారీ రాయించి ఇస్తే సరిపోతుంది. ఎనిమిదింటిలో ఏడు బ్యాంకులో పడుతున్నప్పుడు, ఎనిమిదోది ఫిబ్రవరి దాకా ఆగితే మునిగిపోయేది ఏమీ లేదు.